షీటులో #N/A, #VALUE! అని వస్తే: అంగడి వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, గాంధీ రోడ్డు మీద ఉన్న అంగళ్లకు లెక్కల షీట్లు చూసిపెట్టడం నా పని. రాత్రి షట్టరు దించే వేళకు నా ఫోనుకు వచ్చే వాట్సాప్ మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకే రకంగా ఉంటాయి. ఎక్సెల్ షీటు ఫోటో ఒకటి, దాని కింద "ఏంనా ఇది, మొత్తం రాలేదే" అని ఒక మాట. అలాంటి ఒక్క ఫోటోను పట్టుకుని, అందులో ఏముందో, ఏ గడిని ముందు చూడాలో, అంగడి ఓనరుకు ఎలా చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను.

ఏ లెక్కను ఉదాహరణగా తీసుకుంటున్నారు?

ఇత్తడి పూజా సామాన్లు అమ్మే అంగడి అనుకోండి. ఇత్తడిని తూకం వేసి, కేజీ ధరతో గుణించి అమ్ముతారు. ఆరోజు అమ్మకాల షీటు ఫోటోలో ఇలా కనిపిస్తోంది. ధరలు ఉదాహరణ కోసం వేసుకున్నవి.

| | A | B | C | D |
|---|---|---|---|---|
| 1 | వస్తువు | బరువు | కేజీ ధర | మొత్తం |
| 2 | కుంది పెద్దది | 2.350 | 920 | 2162 |
| 3 | చెంబు | 0.600 | 850 | 510 |
| 4 | గంట | 0.450 | #N/A | #N/A |
| 5 | హారతి పళ్ళెం | 1.2 కేజీ | 880 | #VALUE! |
| 6 | కలశం | 1.500 | 860 | 1290 |
| 7 | మొత్తం | 4.900 | | #N/A |
| 8 | సగటు కేజీ ధర | | | #N/A |

పక్కనే G, H కాలమ్‌లలో ధరల పట్టిక ఉంది. Gలో వస్తువు పేరు, Hలో కేజీ ధర. C కాలమ్‌లోని ఫార్ములా A కాలమ్‌లో ఉన్న పేరును ఆ పట్టికలో వెతికి ధర తెస్తుంది. D కాలమ్ బరువును ధరతో గుణిస్తుంది. రెండో వరుసలో ఉన్న ఫార్ములాలు ఇవి:

```
C2:  =VLOOKUP(A2,$G$2:$H$6,2,FALSE)
D2:  =B2*C2
```

కింద మొత్తాలకు, సగటుకు ఇవి:

```
B7:  =SUM(B2:B6)
D7:  =SUM(D2:D6)
D8:  =D7/B7
```

ఎర్రర్ వచ్చిన గడి ఒక్కటీ ఫోటో తీసి పంపితే సరిపోదా?

సరిపోదు. ఎర్రర్ కనిపించే చోటు ఒకటి, తప్పు ఉన్న చోటు ఇంకొకటి అయివుంటుంది. పై ఫోటోలో D8 ఒక్కటే పంపితే దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పైన A, B, C అక్షరాలు, ఎడమవైపు 1, 2, 3 వరుస నంబర్లు, షీటు నెత్తిన ఫార్ములా కనిపించే పట్టీ, ఇవన్నీ ఫోటోలో పడాలి. ఎర్రర్ ఉన్న గడి మీద ఒకసారి నొక్కి, ఆ తర్వాతే స్క్రీన్‌షాట్ తీయండి. అప్పుడే ఆ గడిలోని ఫార్ములా పై పట్టీలో కనిపిస్తుంది.

కంప్యూటర్ స్క్రీన్‌ను ఫోనుతో ఫోటో తీయడం వద్దు. చుక్కకూ కామాకూ, సున్నాకూ ఇంగ్లీషు O అక్షరానికీ తేడా తెలియదు. చాలా సందర్భాల్లో తప్పు సరిగ్గా ఆ తేడాలోనే ఉంటుంది. కంప్యూటర్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అక్షరాలు చెదరవు. ఖాతాదారుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబరు ఉన్న కాలమ్‌లను మాత్రం కత్తిరించి పంపండి. లెక్క చూడ్డానికి అవి అక్కర్లేదు.

అయిదు గడుల్లో ఎర్రర్ ఉంది. అంటే అయిదు తప్పులు జరిగాయా?

లేదు, ఆ అయిదింటికీ కారణాలు రెండే.

ఒక గడిలో ఎర్రర్ ఉంటే, దాన్ని వాడుకునే ప్రతి గడికీ అదే ఎర్రర్ పాకుతుంది. C4లో ధర దొరకలేదు. ధర లేకుండా గుణించడం కుదరదు కాబట్టి D4లోనూ #N/A వచ్చింది. D7 ఆ D4ను కూడా కలిపి కూడాలి కాబట్టి దానికీ #N/A. D8 ఆ D7ను భాగించాలి కాబట్టి దానికీ అదే. నాలుగు గడులకూ మూలం నాలుగో వరుసలోనే ఉంది.

అయిదోది, D5లోని #VALUE!, వేరే గొడవ. దాని మూలం B5లో ఉంది. మరి D7లో #VALUE! ఎందుకు కనిపించలేదంటే, SUM పైనుంచి కిందికి కూడుకుంటూ వస్తూ ముందు ఎదురైన ఎర్రర్‌నే చూపిస్తుంది. D4 పైన ఉంది కాబట్టి #N/A కనిపించింది. గంట ధర సరిచేయగానే D7 తిన్నగా అంకె అయిపోదు, #VALUE!గా మారుతుంది. చాలామంది ఇక్కడే "నేను ముట్టుకుంటే ఇంకోటి చెడింది" అని కంగారుపడి పాతదానికే తిప్పేస్తారు. అక్కడ కొత్తగా చెడింది ఏమీ లేదు. వెనకున్న రెండో తప్పు ఇప్పుడు ముందుకొచ్చింది, అంతే.

అందుకే వెతకడం ఎప్పుడూ కింది మొత్తం నుంచి వెనక్కి పోవాలి. D7లో ఎర్రర్ ఉంటే పైకి వెళ్లి D కాలమ్‌లో మొట్టమొదటి ఎర్రర్ ఏదో చూడండి. దొరికాక ఆ వరుసలో ఎడమకు జరగండి. ఎడమవైపు ఎర్రర్ లేని గడి వచ్చేదాకా పోతే, దానికి ముందున్న ఎర్రర్ గడి ఫార్ములా వాడుకునే గడుల్లోనే తప్పు ఉంటుంది. ఎక్సెల్‌లోనైతే ఆ గడి మీద ఉండి Formulas మెనూలో Error Checking పక్కన ఉన్న బాణం నొక్కి Trace Error ఎంచుకుంటే, మూలం దాకా గీత గీసి చూపిస్తుంది.

గంట ధరల పట్టికలో ఉంది కదా. మళ్లీ #N/A అంటుందేం?

వెతికినది దొరకలేదు అని చెప్పడమే #N/A. మన కంటికి రెండు చోట్లా "గంట" అనే ఉంటుంది. కానీ A4లో "గంట" తర్వాత ఒక ఖాళీ పడింది. స్పేస్ కూడా ఒక అక్షరమే కాబట్టి ఆ రెండూ వేర్వేరు పేర్లు అయిపోయాయి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరును కాపీ చేసి షీటులో అతికించినప్పుడు ఇలాంటి స్పేస్‌లు తరచుగా వెంట వస్తాయి.

అనుమానం తీర్చుకోవడానికి ఖాళీగా ఉన్న రెండు గడుల్లో ఇవి వేయండి. పట్టికలో గంట G4లో ఉందనుకుంటే:

```
=LEN(A4)
=LEN(G4)
```

మొదటిదానికి 4, రెండోదానికి 3 వస్తుంది. ఆ ఎక్కువైన ఒకటే స్పేస్. "గంట"కు మూడు ఎందుకు వచ్చిందని ఆశ్చర్యపోవద్దు. గ, సున్న, ట విడివిడిగా లెక్కలోకి వస్తాయి. గుణింతాలు, ఒత్తులు ఉన్న పేర్లకు ఇంకా పెద్ద అంకె వస్తుంది. ఆ అంకె ఎంతన్నది పట్టించుకోకుండా రెండూ సమానమా కాదా అన్నదే చూడండి.

A4లో పేరు చివర కర్సర్ పెట్టి ఆ స్పేస్ చెరిపేస్తే C4లో 900, D4లో 405 వస్తాయి. రోజూ ఈ బాధ ఉంటే ఫార్ములాలోనే ముందూ వెనకా స్పేస్‌లు కత్తిరించేలా చేయొచ్చు:

```
=VLOOKUP(TRIM(A4),$G$2:$H$6,2,FALSE)
```

ఇది A కాలమ్‌లో ఉన్న స్పేస్‌కే పనికొస్తుంది. స్పేస్ ధరల పట్టికలో పడితే అక్కడికే పోయి చెరపాలి.

TRIM పెట్టాను. అయినా పోలేదు.

రెండు కారణాలు చూడండి. వెబ్ పేజీలోంచి కాపీ చేసిన పేర్లలో మామూలు స్పేస్ లాగే కనిపించే ఇంకోరకం స్పేస్ ఉంటుంది. దాన్ని TRIM ముట్టుకోదు. రెండోది మన తెలుగుకే ప్రత్యేకం. ఒకే పేరును ఒకరు "పళ్ళెం" అని, ఇంకొకరు "పళ్లెం" అని కొడతారు. చదివేవాళ్లకు రెండూ ఒకటే గానీ షీటుకు కావు. LEN రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి ఆ పరీక్షకు కూడా ఇది దొరకదు. అక్షరం అక్షరం చూడాల్సిందే.

నా సలహా ఏమిటంటే, వస్తువు పేరును చేత్తో కొట్టే అవసరమే లేకుండా చేయండి. A2 నుంచి A6 వరకు ఎంచుకుని, Data మెనూలో Data Validation, అందులో List ఎంచుకుని, Source దగ్గర `=$G$2:$G$6` ఇవ్వండి. ఇక కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి పేరును పట్టికలోంచే ఎంచుకుంటాడు. అంగళ్లలో #N/A గొడవ తగ్గించడానికి నేను చూసినంతలో దీన్ని మించిన మందు లేదు. ఒక్క జాగ్రత్త: వాట్సాప్‌లోంచి తెచ్చి అతికిస్తే ఈ కట్టుబాటును దాటుకుని పోతుంది.

#VALUE! అంటే ఏమిటి? బరువు సరిగ్గానే వేశాం కదా.

B5లో "1.2 కేజీ" అని ఉంది. మనిషికి అది బరువు. షీటుకు మాత్రం అంకె పక్కన అక్షరాలు వచ్చిన క్షణమే అదంతా మాటగా మారిపోతుంది. మాటను 880తో గుణించమంటే #VALUE! అంటుంది. మన అంగళ్లలో ఇది ఇంకా కొన్ని రూపాల్లో వస్తుంది. బిల్లు పుస్తకం అలవాటుకొద్దీ ధర దగ్గర "920/-" అని కొడతారు. తొందరలో "2..35" అని రెండు చుక్కలు పడతాయి. సున్నాకు బదులు O పడుతుంది. అన్నింటికీ ఫలితం ఒకటే.

చూడగానే పట్టుకునే గుర్తు ఒకటుంది. గడికి ప్రత్యేకంగా అలైన్‌మెంట్ పెట్టకపోతే అంకెలు కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు అంటుకుని ఉంటాయి. B కాలమ్‌లో అన్నీ కుడివైపు ఉండి ఒక్కటి ఎడమవైపు జరిగి ఉంటే, అది అంకె కాదు. ఫోటోలో కూడా ఈ తేడా కనిపిస్తుంది.

B5లో 1.2 అని మాత్రం కొట్టండి. "కేజీ" అని కనిపించి తీరాలంటే B కాలమ్ ఎంచుకుని Ctrl+1 నొక్కి, Custom దగ్గర ఇది ఇవ్వండి:

```
0.000" కేజీ"
```

అప్పుడు గడిలో ఉండేది అంకే, పక్కన కేజీ అన్నది కంటికి మాత్రమే కనిపిస్తుంది. గుణకారానికి అడ్డం రాదు.

B7లో ఎర్రర్ లేదు. ఆ మొత్తం బరువు సరైనదేనా?

కాదు. ఈ ఫోటోలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఆ గడే.

కూడి చూడండి. 2.350, 0.600, 0.450, 1.500 కలిపితే 4.900. హారతి పళ్ళెం బరువు 1.2 అందులో లేదు. గుణించమంటే మాటను చూసి ఎర్రర్ ఇచ్చిన ఎక్సెల్, SUMతో కూడమంటే మాత్రం మాట ఉన్న గడిని ఏమీ అనకుండా దాటేసి మిగతావి కూడుతుంది. అదే ఫార్ములాను `=B2+B3+B4+B5+B6` అని రాసి ఉంటే #VALUE! వచ్చేది, తప్పు అప్పుడే తెలిసేది. SUM వాడకూడదని కాదు, SUM చూపించింది గనక సరైనదని అనుకోకూడదు.

దీనికి చిన్న పరీక్ష ఉంది. B కాలమ్‌లో ఎన్ని గడులు నిండాయో, అందులో ఎన్ని నిజమైన అంకెలో పక్కపక్కన చూసుకోండి:

```
=COUNTA(B2:B6)
=COUNT(B2:B6)
```

మొదటిది 5, రెండోది 4 చూపిస్తుంది. రెండూ సమానం కాకపోతే ఎక్కడో అంకె బదులు మాట ఉన్నట్టే. నెలకు కొన్ని వందల వరుసలుండే షీటులో కంటితో వెతకలేం కాబట్టి, ఈ రెండింటినీ మొత్తం వరుస కింద ఎప్పటికీ ఉంచేయమని చెబుతాను.

IFERROR పెడితే ఎర్రర్‌లన్నీ పోతాయని ఒకాయన చెప్పారు. పెట్టేయనా?

దయచేసి అన్నిటికీ పెట్టొద్దు. D కాలమ్ అంతా `=IFERROR(B2*C2,0)` అని మార్చారనుకోండి. D4, D5లలో సున్నా వస్తుంది. D7లో 3962 అని చక్కటి అంకె కనిపిస్తుంది. కానీ గంట 405, పళ్ళెం 1056, రెండూ కలిపి 1461 రూపాయలు లెక్కలోంచి మాయమయ్యాయి. గల్లాపెట్టెలో డబ్బు ఎక్కువ, షీటులో తక్కువ. ఆ రాత్రి ఎవరు ఎవర్ని అనుమానిస్తారో మీకే తెలుసు.

ఈ దాచిన తప్పును సగటు పట్టిస్తుంది. D8లో 3962ను 4.900తో భాగిస్తే 808.57 వస్తుంది. పట్టికలో అన్నిటికంటే తక్కువ ధర చెంబుది, 850. అన్నీ 850కి, అంతకన్నా ఎక్కువకు అమ్మినప్పుడు సగటు 808 రావడం కుదరని పని. కాబట్టి ఎర్రర్ ఒక్కటీ కనిపించకపోయినా ఆ షీటు తప్పు. ఓనరుకు ఫార్ములాలు తెలియక్కర్లేదు, ధరలు తెలుసు కదా. ఆయనకు ఈ ఒక్క గడి చూపిస్తే చాలు, తేడా తనే పట్టుకుంటాడు.

వరుస ఇంకా నింపని చోట IFERROR పెట్టడంలో తప్పులేదు. అప్పుడు కూడా సున్నాకు బదులు "ధర చూడు" అనే మాట వచ్చేలా పెడితే, ఎవరైనా చూసి సరిచేస్తారు.

ఫార్ములాలన్నీ ఒకేసారి కనిపించే ఫోటో కూడా అడుగుతున్నారు. అదెందుకు, ఎలా తీయాలి?

కీబోర్డులో Ctrl పట్టుకుని, 1 అంకెకు ఎడమవైపున ఉన్న `` ` `` కీ నొక్కండి. అంకెల స్థానంలో ఫార్ములాలు కనిపిస్తాయి. Formulas మెనూలో Show Formulas నొక్కినా అంతే. ఫోటో తీశాక మళ్లీ అదే నొక్కితే మామూలుగా అవుతుంది.

మన ఉదాహరణలో C కాలమ్ ఇలా కనిపించింది:

```
C4:  =VLOOKUP(A4,$G$2:$H$6,2,FALSE)
C5:  =VLOOKUP(A5,$G$2:$H$6,2,FALSE)
C6:  860
```

అన్ని వరుసల్లో ఫార్ములా ఉండి, కలశం దగ్గర మాత్రం ఉత్త 860 ఉంది. ఎవరో ఒకరోజు తొందరలో ఫార్ములా మీదే ధర కొట్టేశారు. తర్వాత పట్టికలో కలశం ధర 890కి పెంచారు. మిగతావన్నీ కొత్త ధరలు తీసుకుంటున్నా ఇది మాత్రం పాత ధర దగ్గరే ఉండిపోయింది. కేజీన్నర మీద 45 రూపాయలు తక్కువ పడింది. మొదటి ఫోటోలో దీన్ని ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే అక్కడ ఏ ఎర్రర్ గుర్తూ లేదు. C5ను కాపీ చేసి C6లో అతికిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అన్నీ కలిపి చూద్దాం. గంట పక్కన స్పేస్ తీశాక D7 #VALUE! అయింది. B5లో 1.2 వేశాక D7 5423, B7 6.100 అయ్యాయి. C6లో ఫార్ములా పెట్టాక కలశం 1335, మొత్తం 5468, సగటు 896.39. సగటు ఇప్పుడు 850కి, 920కి మధ్యలో ఉంది కాబట్టి నమ్మదగ్గదిగా ఉంది.

C కాలమ్ మొత్తం #REF! అయిపోయింది. నిన్నటిదాకా బాగుంది.

ఒక కాలమ్ అంతా ఒకేసారి చెడితే కారణం ఒక్కటే ఉంటుంది, వరుసలను విడివిడిగా వెతకొద్దు. ఎవరో ధరలున్న H కాలమ్‌ను డిలీట్ చేశారు. ఫార్ములా రెండో కాలమ్‌లోంచి ధర తెమ్మంటోంది, పట్టికలో మిగిలింది ఒక్క కాలమే. ఫార్ములా ఆధారపడిన చోటే లేకుండా పోయిందని #REF! చెబుతుంది.

వెంటనే తెలిస్తే Ctrl+Z నొక్కండి, అన్నీ వచ్చేస్తాయి. సేవ్ చేసి మూసేసి ఉంటే నిన్నటి కాపీలోంచి తెచ్చుకోవాలి. H కాలమ్‌ను కొత్తగా చేర్చి ధరలు కొట్టినా ఫార్ములా దానంతటది కుదురుకోదు, పరిధిని మళ్లీ `$G$2:$H$6` అని సరిదిద్దాలి. గూగుల్ షీట్స్‌లో అయితే File మెనూలో Version history ఉంటుంది, నిన్నటి రూపానికి వెళ్లొచ్చు.

పై వరుసల్లో ధర వస్తోంది, కిందికి పోయేకొద్దీ #N/A వస్తోంది. పేర్లు సరిగ్గానే ఉన్నాయి.

ఫార్ములాలో డాలరు గుర్తులు లేవేమో చూడండి. `G2:H6` అని రాసి కిందికి లాగితే, తర్వాతి వరుసలో అది `G3:H7` అవుతుంది, ఆ తర్వాత `G4:H8`. వెతికే చోటు కిందికి జారుతూ పట్టికలో పైనున్న వస్తువులు బయటపడిపోతాయి. `$G$2:$H$6` అని ఉంటే కదలదు. రాసేటప్పుడు పరిధి మొత్తాన్ని ఎంచుకుని F4 నొక్కితే డాలర్లు పడతాయి.

చివర FALSE తీసేస్తే #N/A పోయింది. బాగానే ఉన్నట్టే కదా?

అది బాగుపడటం కాదు, అంతకంటే పెద్ద ప్రమాదం. FALSE లేకపోతే అచ్చంగా అదే పేరు కాకపోయినా దగ్గరలో ఉందనుకున్న దాని ధర తెచ్చేస్తుంది. పట్టిక అక్షరక్రమంలో లేకపోతే ఏ వస్తువు ధర వస్తుందో చెప్పలేం. గంటకు చెంబు ధర పడినా గడిలో మామూలు అంకె కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. వెంటనే FALSE తిరిగి పెట్టండి.

మిగతా గుర్తులు?

#DIV/0! అంటే సున్నాతోనో ఖాళీ గడితోనో భాగించారు. పొద్దున అంగడి తెరవగానే, వస్తువుల పేర్లు మాత్రమే ఉండి ఇంకా బరువులేవీ వేయకముందు D8లో ఇది కనిపిస్తుంది. మొదటి బేరం కాగానే పోతుంది, పట్టించుకోనక్కర్లేదు.

#NAME? వస్తే ఫంక్షన్ పేరులో స్పెల్లింగ్ తప్పు. లేదా కొత్త ఎక్సెల్‌లో రాసిన షీటును పాత ఎక్సెల్‌లో తెరిచారు. XLOOKUP ఎక్సెల్ 2016, 2019లలో లేదు. ఆడిటరు ఆఫీసులో పనిచేసిన ఫైలు అంగడి కంప్యూటర్‌లో చెడిందంటే ముందు ఇదే చూడండి.

##### ఎర్రర్ కాదు. కాలమ్ వెడల్పు చాలక అంకె పట్టలేదు, అంతే. కాలమ్ అక్షరాల మధ్య గీత మీద రెండుసార్లు నొక్కండి.

నాకు అర్థమైంది గానీ ఓనరుకు ఎలా చెప్పాలి? ఫార్ములా అనగానే ఆయన చిరాకుపడతారు.

ఆయన అడిగేది ఫార్ములా గురించి కాదు. "ఇంతకీ ఈరోజు అమ్మకం ఎంత?" అన్నదే ఆయన ప్రశ్న. కాబట్టి ముందు డబ్బు చెప్పండి, తర్వాత ఏ గడి, ఆ తర్వాత ఏం చేయాలి. కారణం అడిగితేనే చెప్పండి. స్క్రీన్‌షాట్ మీద ఫోనులోనే రెండు గుండ్రాలు గీయండి, ఎర్రర్ ఉన్న చోట కాదు, సరిచేయాల్సిన A4, B5ల చుట్టూ. నేనైతే కింద ఇలా రాస్తాను:

"అన్నా, ఈరోజు అమ్మకం 5468. షీటులో మొత్తం రాకపోవడానికి కారణం రెండు గడులు. A4లో గంట పక్కన స్పేస్ ఉంది, తీసేయండి. B5లో కేజీ అనే మాట తీసి 1.2 అని మాత్రం కొట్టండి. ఇంకొకటి, కలశం పాత ధర 860కే పడుతోంది, కొత్త ధర 890 కదా. C6లో పైనున్న ఫార్ములా కాపీ చేయమని అబ్బాయికి చెప్పండి. ఇవి చేశాక D7లో 5468 రాకపోతే మళ్లీ ఫోటో పంపండి."

చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ఏ అంకె రావాలో ముందే చెబితే, సరైందో లేదో ఆయనే చూసుకోగలడు. "సరిచేయండి" అని మాత్రం రాస్తే, ఎర్రర్ పోవడమే సరికావడం అనుకుంటాడు. ఫోనులో మాట్లాడుతుంటే "మూడో లైనులో అది" అని చెప్పకండి. పేర్లున్న వరుసను ఆయన లెక్కలోకి తీసుకున్నాడో లేదో మీకు తెలియదు. ఎప్పుడూ గడి పేరుతోనే, A4 అని చెప్పండి.

అంగట్లో కంప్యూటర్ లేదు, ఫోనులోనే చూస్తాం. ఇవన్నీ కుదురుతాయా?

చాలావరకు కుదురుతాయి. ఎక్సెల్ యాప్‌లో గానీ గూగుల్ షీట్స్ యాప్‌లో గానీ గడిని తాకితే అందులోని ఫార్ములా కనిపిస్తుంది. అన్ని ఫార్ములాలు ఒకేసారి చూడాలంటే మాత్రం కంప్యూటర్ దగ్గరికి పోవాలి. లేదా C కాలమ్‌లో ఒక్కో గడినీ తాకుతూ పోవాలి, అంకె మాత్రమే కనిపించిన గడి దగ్గర ఆగాలి.

మళ్లీ ఎవరూ ఫార్ములాల మీద అంకెలు కొట్టకుండా చేయొచ్చా?

చేయొచ్చు. రోజూ నింపే A2:B6 గడులను ఎంచుకుని Ctrl+1 నొక్కి, Protection దగ్గర Locked ముందున్న టిక్ తీసేయండి. తర్వాత Review మెనూలో Protect Sheet నొక్కండి. ఇక పేరు, బరువు మాత్రమే కొట్టగలరు. ఫార్ములాలు, ధరల పట్టిక, కాలమ్‌లు కదలవు. కాలమ్ డిలీట్ కూడా కాదు కాబట్టి #REF! బాధా తప్పుతుంది. పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఇది పనిచేస్తుంది. పొరపాటున చేయి పడటాన్ని ఆపడానికి అంతే చాలు. పెడితే మాత్రం బిల్లు పుస్తకం అట్ట లోపల కాకుండా ఓనరు దగ్గర రాసిపెట్టండి. ధరలు మారినప్పుడల్లా Unprotect Sheet నొక్కి, పట్టికలో మార్చి, మళ్లీ Protect చేయాలి.